శీర్షిక ఒక్కటే పంపితే సారాంశం రాయవచ్చునా?

స్నాతకోత్తర విద్యార్థి ఒకరి నుండి ఇటీవల నాకొక సందేశం వచ్చింది. అందులో ఒక పరిశోధనా పత్రం శీర్షిక, దాని కింద ఒక్క వాక్యం ఉన్నాయి. మరునాటి సెమినారుకు ఆ పత్రం సారాంశం ఒక పుటకు మించకుండా తెలుగులో కావాలని ఆ వాక్యం. రచయితల పేర్లు, పత్రిక పేరు, సంవత్సరం ఏవీ లేవు. శీర్షికను తెలుగులో చెబితే ఇది: ‘అభివృద్ధి చెందుతున్న దేశాలలో జన్యుమార్పిడి పంటల దిగుబడి ప్రభావాలు’.

విస్తరణ విభాగాలలో పనిచేసేవారికి ఇటువంటి అభ్యర్థనలు కొత్తవి కావు. విద్యార్థులు సెమినారు కోసం అడుగుతారు, సహచరులు శిక్షణా కార్యక్రమం కోసం అడుగుతారు, కరపత్రం అచ్చుకు వెళ్ళే ముందు రోజు మరెవరో అడుగుతారు. శీర్షిక పంపితే పత్రాన్ని పంపినట్లేనన్న భావన వీటన్నిటిలో ఉంటుంది. అది సరికాదని నా అభిప్రాయం. ఎందుకో ఈ ఒక్క పత్రం ద్వారానే వివరిస్తాను. అంతకుముందు మాటల విషయంలో ఒక స్పష్టత అవసరం. పత్రం ఆరంభంలో రచయితలే రాసే అబ్‌స్ట్రాక్టును ఇక్కడ ‘సంగ్రహం’ అంటున్నాను. చదివినవారు ఇతరుల కోసం తమ మాటల్లో రాసేది ‘సారాంశం’.

ఆ సందేశం వచ్చినప్పుడు సహచరుడొకరు నా గదిలోనే ఉన్నారు. శీర్షిక చదివి వినిపించగానే, “దీనికి పత్రం దేనికండీ, చెబుతాను రాసుకోండి” అని పది వాక్యాలు ఆగకుండా చెప్పారు. వివిధ దేశాలలో జరిగిన అధ్యయనాల సమీక్ష ఇది. మొక్కజొన్న, సోయాచిక్కుడు, పత్తి, ఆవ జాతి పంటలను పరిశీలించారు. దిగుబడి పెరుగుదల పంటను బట్టి, దేశాన్ని బట్టి స్వల్పం నుండి మధ్యస్థంగా ఉంది. కలుపు మందులను తట్టుకునే రకాలలో లాభం తక్కువ, పురుగులను తట్టుకునే రకాలలో ఎక్కువ. చిన్న రైతులకు విత్తనం ధర అవరోధం. మరిన్ని అధ్యయనాలు అవసరం. ఆయన చెప్పినదంతా నమ్మదగినదిగానే ఉంది. ఆ విషయం మీద ఆయనకు మంచి పరిజ్ఞానం ఉంది కూడా. కానీ ఆయన చెప్పినది ఆ పత్రం సారాంశం కాదు.

ఆ పత్రాన్ని నేను లోగడ చదివి ఉన్నాను గనుక ఆ సంగతి నాకు తెలిసింది. మతిన్ ఖైమ్, డేవిడ్ జిల్బర్‌మన్ రాసిన ఈ పత్రం 2003 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. మూడు పుటలే. పలు దేశాల అధ్యయనాల సమీక్షగా రాసినది కాదు. శీర్షికలో ‘పంటలు’ అని ఉన్నా అందులో కొలిచినది ఒకే పంటను, పత్తిని. ‘దేశాలు’ అని ఉన్నా కొలత జరిగినది ఒకే దేశంలో, మన దేశంలో. శీర్షికలోని రెండు బహువచనాలూ లోపల ఏకవచనాలే. రచయితలు మోసం చేశారని నేను అనడం లేదు. భారతదేశంలోని బీటీ పత్తిని ఆధారం చేసుకొని ఇతర దేశాలకు కూడా వర్తించగల వాదన ఒకటి వారు నిర్మించారు. శీర్షిక ఆ వాదనకు పెట్టిన పేరు, కొలతకు పెట్టినది కాదు. ప్రతిష్ఠ గల పత్రికలలో శీర్షికలు తరచుగా ఇలాగే ఉంటాయి.

సంగ్రహం చదివితే ఈ పొరపాటులో సగం అక్కడే తొలగిపోతుంది. భారతదేశంలోని వివిధ రాష్ట్రాలలో రైతుల పొలాలలో బీటీ పత్తితో చేసిన ప్రయోగాల ఫలితాలివి అని మొదటి వాక్యంలోనే ఉంటుంది. పురుగు నష్టం గణనీయంగా తగ్గి దిగుబడి పెరిగిందని, ఇతర దేశాలలో నమోదైన దానికంటే ఈ పెరుగుదల చాలా ఎక్కువని ఆ తరువాత చెబుతారు. ఇక్కడ ఒక కారణం కూడా ఇస్తారు. రసాయన మందులతో పురుగును ఇప్పటికే బాగా అదుపు చేస్తున్న చోట కొత్త విత్తనం ఆ మందుల స్థానాన్ని తీసుకుంటుంది. దిగుబడి అంతగా పెరగదు. సాంకేతిక, ఆర్థిక ఇబ్బందుల వలన చిన్న రైతులు పురుగును అదుపు చేయలేక నష్టపోతున్న చోట ఆ నష్టం తప్పుతుంది. అదే దిగుబడి పెరుగుదలగా కనిపిస్తుంది. పత్రానికి గుండెకాయ వంటి ఈ విషయం నా సహచరుని పది వాక్యాలలో లేదు. శీర్షికలో దాని జాడ లేదు కనుక ఉండే అవకాశమూ లేదు. బీటీ జన్యువు మొక్క దిగుబడి సామర్థ్యాన్ని పెంచలేదు, నష్టాన్ని ఆపింది. ‘దిగుబడి ప్రభావం’ అన్న మాట విని ఒక విద్యార్థి వీటిలో మొదటిది జరిగిందని అనుకుంటే, ఆ తప్పు రైతు దాకా వెళుతుంది.

అయితే సంగ్రహంలో ఒక్క అంకె కూడా లేదు. ఎంత పెరిగింది, దేనితో పోల్చితే పెరిగింది, ఏ సంవత్సరంలో, ఎన్ని పొలాలలో అన్న ప్రశ్నలకు జవాబు పూర్తి పాఠంలోనే దొరుకుతుంది. విశ్లేషణకు తీసుకున్నవి 157 పొలాలు. అవి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలోనివి. ఆనాటి మన ఉమ్మడి రాష్ట్రం ఆ మూడింటిలో లేదు. పంటకాలం 2001. అనుమతి ప్రక్రియలో భాగంగా మహికో విత్తన సంస్థ ప్రారంభించిన ప్రయోగాలవి. ప్రతి పొలంలో పక్కపక్కనే మూడు మడులు వేశారు: ఒకదానిలో బీటీ హైబ్రిడ్, రెండవదానిలో బీటీ జన్యువు లేని అదే హైబ్రిడ్, మూడవదానిలో ఆ ప్రాంతంలో సాగులో ఉన్న హైబ్రిడ్. బీటీ మడులలో కాయతొలుచు పురుగులపై పిచికారీలు సగటున మూడు తగ్గాయి. రసం పీల్చే పురుగులపై పిచికారీలలో తేడా లేదు. దిగుబడి అదే హైబ్రిడ్ బీటీ లేని రూపం కంటే 80 శాతం, స్థానిక హైబ్రిడ్ కంటే 87 శాతం ఎక్కువగా వచ్చింది.

ఈ 80 శాతం అన్న అంకె ఎంతో ప్రచారం పొందింది, అంతే వివాదానికీ గురైంది. దానితోపాటు పత్రంలోనే ఉన్న మరొక సంగతి మాత్రం అంతగా ప్రచారం కాలేదు. 2001లో కాయతొలుచు పురుగుల ఉద్ధృతి ఎక్కువగా ఉంది. పురుగు ఎక్కువైన ఏడాది పురుగును ఆపే విత్తనానికి ఆధిక్యం ఎక్కువగా కనిపించడం సహజం. 1998 నుండి నాలుగేళ్ళ ప్రయోగాల సగటు చూస్తే ఆధిక్యం 60 శాతం దగ్గరకు వస్తుందని రచయితలే చెప్పారు. ఇతర ఖండాలకు వారు చెప్పినది కొలత కాదు, పురుగు ఒత్తిడిని, ప్రస్తుత సస్యరక్షణ స్థాయిని బట్టి వేసిన అంచనా. కొలిచినది ఏది, అంచనా ఏది అన్న తేడా పూర్తి పాఠం చదివినవారికే తెలుస్తుంది.

ఇప్పుడు ఈ మూడు దశలను రైతు వైపు నుండి చూడండి. శీర్షికను నమ్ముకున్నవారు వరంగల్‌లోనో గుంటూరులోనో రైతులతో మాట్లాడుతూ, అభివృద్ధి చెందుతున్న దేశాలన్నిటిలో ఈ పంటల దిగుబడి పెరిగిందట అని చెబుతారు. సంగ్రహం చదివినవారు, పురుగు నష్టం ఎక్కువగా ఉన్నచోట పత్తిలో దిగుబడి పెరిగింది అంటారు. పూర్తిగా చదివినవారు రైతును ముందుగా ఒక ప్రశ్న అడుగుతారు: మీ పొలంలో ఏటా కాయతొలుచు పురుగు వలన ఎంత పోతోంది, ఇప్పుడు ఎన్నిసార్లు మందు కొడుతున్నారు? ఆ జవాబును బట్టి ఆ రైతుకు రాగల లాభం మారుతుంది. పురుగు తక్కువగా ఉన్న ఏడాది, లేదా అసలు నష్టం నీటి ఎద్దడి వలన వస్తున్న వర్షాధార చెలకలో, 80 శాతం అన్న మాట నమ్మి అప్పు చేసిన రైతుకు మనం ఏమని జవాబు చెప్పగలం? పత్రం చెప్పని దానిని పత్రం పేరుతో మనమే చెప్పి ఉంటాము.

ఖైమ్, జిల్బర్‌మన్ల పత్రానికి కనీసం శీర్షిక ద్వారా గుర్తుపట్టగలిగిన ప్రత్యేకత ఉంది. మన ప్రాంతీయ సస్యవిజ్ఞాన పత్రాలకు ఆ సౌలభ్యం కూడా లేదు. ‘వేరుశనగ పెరుగుదల, దిగుబడులపై సమగ్ర పోషక యాజమాన్య ప్రభావం’ వంటి శీర్షికను తీసుకోండి. ఒకటి రెండు మాటల తేడాతో ఇటువంటి శీర్షికలు దేశంలోని ఎన్నో పత్రికలలో ఎన్నో ఏళ్ళుగా వస్తున్నాయి. అడిగినవారి మనసులో ఉన్నది వాటిలో ఏదో శీర్షిక చెప్పదు. ఖరీఫ్ పంటా రబీ పంటా, ఎర్రనేలా నల్లనేలా, వర్షాధారమా నీటిపారుదలా, ఏ రకం, ఎన్ని సంవత్సరాల ప్రయోగం అన్నవి శీర్షికలో ఉండవు. సంగ్రహంలో సాధారణంగా మొదటి రెండు మూడు వాక్యాలలోనే ఉంటాయి. కనుక సంగ్రహం పంపడం వలన మరేమీ కాకపోయినా, మనమిద్దరం ఒకే పత్రం గురించి మాట్లాడుకుంటున్నామని తేలుతుంది.

సంగ్రహం ఉంటే చాలునా అంటే, పనిని బట్టి అని నా సమాధానం. పత్రం దేని గురించి, చదవదగినదా కాదా అని తేల్చుకోవడానికి చాలు. ఆ పత్రం ఆధారంగా ఎవరికైనా ఏదైనా చేయమని చెప్పడానికి చాలదు. ఎందుకో ఒక ఊహాజనితమైన పట్టికతో చూద్దాం. వేరుశనగ ప్రయోగంలో ఎరువులేమీ వేయని మడిలో హెక్టారుకు 1,850 కిలోలు, సిఫారసు చేసిన ఎరువులు వేసిన మడిలో 2,210 కిలోలు, ఆ ఎరువులకు వర్మికంపోస్టు కూడా చేర్చిన మడిలో 2,330 కిలోలు వచ్చాయనుకుందాం. ఐదు శాతం స్థాయిలో సి.డి. విలువ 190 అనుకుందాం. సంగ్రహంలో రచయిత ఇలా రాయవచ్చు: సిఫారసు ఎరువులతో పాటు వర్మికంపోస్టు వేసినప్పుడు అత్యధిక దిగుబడి నమోదైంది, ఇది కంట్రోల్ కంటే 26 శాతం ఎక్కువ. ఇందులో అసత్యం ఒక్కటీ లేదు. కానీ రెండవ, మూడవ మడుల మధ్య తేడా 120 కిలోలే. సి.డి. విలువ కంటే అది తక్కువ కనుక గణాంక శాస్త్రం ప్రకారం ఆ రెండూ సమానమే. రైతు ఇప్పటికే సిఫారసు ఎరువులు వేస్తున్నాడు. ఎరువు లేని మడి అతని పొలంలో ఎక్కడా లేదు. అతనికి సంబంధించినంత వరకు 26 శాతం అన్నది వర్తించని అంకె. వర్మికంపోస్టుకు పెట్టే ఖర్చు ఆ పంటలో తిరిగి వస్తుందని ఆ ప్రయోగం నిరూపించలేదు. నేల సేంద్రియ కర్బనం దృష్ట్యా దానిని వేయమని మనం చెప్పవచ్చు, అది వేరే వాదన. ఈ సంగతి తెలియాలంటే పట్టిక చూడాలి, పట్టిక అడుగున ఉన్న చిన్న అక్షరాల వరుస చూడాలి. సంగ్రహంలో అవి ఉండవు.

సంగ్రహం ఎల్లప్పుడూ పత్రానికి నమ్మకమైన ప్రతిబింబమని కూడా అనుకోవడానికి లేదు. వైద్యరంగంలోని ఆరు ప్రముఖ పత్రికలను పరిశీలించి పిట్కిన్ బృందం 1999లో ‘జామా’లో ఒక అధ్యయనం ప్రచురించింది. సంగ్రహంలోని సమాచారం పత్రంలోని సమాచారంతో సరిపోలకపోవడం, లేదా పత్రంలో అసలు లేకపోవడం, పత్రికను బట్టి 18 నుండి 68 శాతం సంగ్రహాలలో కనిపించిందని వారు తెలిపారు. అది వైద్యరంగం, అవి ఆనాటి పత్రికలు. ఆ అంకెలను మన రంగానికి యథాతథంగా అన్వయించను. పత్రం అంతా అయిపోయాక, పదాల పరిమితికి లోబడి, పత్రికకు పంపే తొందరలో సంగ్రహం రాయడం మాత్రం మనకు కూడా అలవాటే. సిద్ధాంత గ్రంథాలు పరీక్షించే వారెవరికైనా ఇది అనుభవమే.

శీర్షిక నుండి అల్లిన సారాంశాన్ని గుర్తుపట్టడం ఎలాగని విద్యార్థులు అడుగుతుంటారు. నేను చేసే పరీక్ష సులభమైనది. ఆ సారాంశం పైన అదే విషయానికి చెందిన మరొక పత్రం శీర్షిక పెట్టి చదువుతాను. ఒక్క వాక్యం కూడా మార్చనవసరం లేకుండా సరిపోతే, అది ఏ పత్రాన్నీ చదివి రాసినది కాదు. స్థలం, పంటకాలం, పోల్చిన మడి, కొలిచిన పరిమాణం, ఈ నాలుగూ లేని సారాంశంలో మిగిలేది ‘గణనీయంగా పెరిగింది’, ‘సానుకూల ప్రభావం కనబరిచింది’, ‘మరింత పరిశోధన అవసరం’ వంటి వాక్యాలు మాత్రమే. నా సహచరుని పది వాక్యాలు ఈ పరీక్షలో నిలవలేదు. ఆ మాట ఆయనకు చెబితే నవ్వి, “ఎవరు సరిచూస్తారులెండి” అన్నారు. నన్ను కలవరపెట్టినది ఆయన తప్పు కాదు, ఆ మాటలోని నిజం. సెమినారులో విద్యార్థి ఆ పుట చదివితే ప్రశ్నించేవారు అరుదు. ఆ పుట మరొకరి సమీక్షలోకి, అక్కడి నుండి సిద్ధాంత గ్రంథంలోకి వెళుతుంది. మూడవ చేతికి వచ్చేసరికి, ఎవరూ చదవని పత్రం చెప్పని విషయం ఒక ఉల్లేఖనగా స్థిరపడుతుంది.

పూర్తి పాఠం దొరకదు, పత్రికలు చందా లేనిదే తెరుచుకోవు అన్నది తరచుగా వినిపించే ఆక్షేపణ. ఇందులో కొంత న్యాయం ఉంది. అయితే సంగ్రహానికి ఈ ఆక్షేపణ వర్తించదు. దాదాపు అన్ని పత్రికలూ దానిని ఉచితంగానే చూపిస్తాయి. శీర్షికను వెదికి, సంగ్రహాన్ని నకలు చేసి పంపడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పూర్తి పాఠం విషయంలో మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఉపయోగించుకోవలసినంత ఉపయోగించుకోని వసతి ఒకటుంది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఏర్పాటు చేసిన సెరా ద్వారా సభ్య గ్రంథాలయాలకు ఎన్నో పత్రికలు అందుతాయి. ఒక గ్రంథాలయంలో లేని వ్యాసాన్ని మరొక సభ్య గ్రంథాలయం నుండి తెప్పించుకునే పద్ధతి కూడా అందులో ఉంది. సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్ ఉంది. ఏదీ ఫలించకపోతే పత్రం మొదటి పుటలో ఉత్తరప్రత్యుత్తరాలకు సూచించిన రచయితకే రెండు వాక్యాలు రాయవచ్చు. ప్రతి పంపడానికి నిరాకరించిన రచయితను నేను ఇంతవరకు చూడలేదు. ఆలస్యం చేసినవారిని మాత్రం చూశాను. అందుకే సెమినారుకు ముందురోజు రాత్రి మొదలుపెట్టే పని ఇది కాదు.

ఇంకొక ఆక్షేపణ నా సహచరులది. అనుభవజ్ఞులకు శీర్షిక చాలు, మిగిలినది ఊహించగలరు అని. అనుభవజ్ఞుల ఊహ సాధారణంగా సరైనదే కావచ్చు, కాని ఊహ అందించేది అంతకుముందు తెలిసిన దానినే. పత్రం ప్రచురించేది అంతకుముందు తెలియనిదేదో చెప్పడానికి. ఆ తెలియని భాగమే ఊహలో రాదు. బీటీ పత్తి దిగుబడి ఇతర దేశాలలో కంటే మన దేశంలో ఎందుకు అంత ఎక్కువగా పెరిగిందన్నది ఆ పత్రం తెచ్చిన కొత్త విషయం. ఇతర దేశాల ఫలితాలు బాగా తెలిసినవారే స్వల్పం నుండి మధ్యస్థం అని ఊహించి, దానిని సరిగ్గా తలకిందులుగా చెప్పారు.

నేనిప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. శీర్షిక ఒక్కటే వస్తే, ఈ శీర్షికను బట్టి పత్రం ఈ విషయం గురించి కావచ్చునని ఒక్క వాక్యం రాసి, సంగ్రహం గాని పూర్తి పాఠం గాని పంపమని కోరతాను. సంగ్రహం వస్తే సారాంశం రాస్తాను, కానీ మొదటి పంక్తిలోనే ‘సంగ్రహం ఆధారంగా’ అని గుర్తు పెడతాను. దానిని కరపత్రానికి వాడవద్దని కూడా రాస్తాను. పూర్తి పాఠం వస్తే నాలుగు రోజుల గడువు అడుగుతాను. ముందుగా పట్టికలు, తరువాత పద్ధతులు, చివరకు చర్చ చదువుతాను. రచయితల వ్యాఖ్య కంటే ముందు వారి కొలతలు చూడడం నాకు మేలనిపించింది.

ఆ విద్యార్థికి కూడా ఇదే రాశాను. పత్రం నాకు తెలిసినదే అయినా సారాంశం పంపలేదు. రచయితల పేర్లు, సంవత్సరం తెలిపి, సంగ్రహం వెదికి చదువుకోమని, అందులో అంకె ఎందుకు లేదో ఆలోచించుకొని రమ్మని చెప్పాను. సెమినారు వారం రోజులు వాయిదా వేయించుకున్నారు. తరువాత వచ్చినప్పుడు చేతిలో మూడు పుటల ప్రతి ఉంది. రెండవ పుటలో పెన్సిలుతో గీత గీసిన చోటు చూపించి, “సార్, ఆ ఏడాది పురుగు ఎక్కువని వాళ్ళే రాశారు కదా, మరి 80 అని అందరూ ఎందుకు చెబుతున్నారు?” అని అడిగారు.